గ్యారంటీ అని రాసిన కాగితం మీదే మిగతా మూడు అంకెలూ రాయించండి: బీమా నియంత్రణ సంస్థకు బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి సంస్థ అధ్యక్షుల వారికి, సభ్యులకు,
హైదరాబాద్.

అయ్యా, అమ్మా,

నేను ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టే వృత్తిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పింఛను లేని ఉద్యోగులు, చిన్న వ్యాపారులు. పన్ను మినహాయింపు కోసం వాళ్లు తెచ్చే రసీదుల్లో బీమా ప్రీమియం రసీదు దాదాపు ప్రతిసారీ ఉంటుంది. "ఇదేమిటి?" అని అడిగితే "పింఛను ప్లాను సార్" అంటారు. బాండు తెప్పించి చూస్తే అది పింఛను ప్లాను కాదు, ఎండోమెంట్ తరహా జీవిత బీమా పాలసీ, అంటే బీమాతో పాటు గడువు తీరాక సొమ్ము తిరిగి ఇచ్చేది. ఎంతకాలం కట్టాలో తెలిసినవాళ్లు కొందరుంటారు. మధ్యలో ఆపితే ఎంత వస్తుందో చెప్పగలిగినవాళ్లు మాత్రం నాకు చాలా అరుదుగా తగిలారు.

ఈ విషయం మీకు విడిగా రాయకుండా అందరూ చదివేలా రాయడానికి కారణం ఉంది. నేను అడుగుతున్న మార్పులు మీ చేతిలో ఉన్నాయి. అవి వచ్చేలోపు సంతకం పెట్టబోయేవాళ్లు ఇదే లెక్కను సొంతంగా వేసుకోగలరు. అందుకే ఒక పాలసీని మొదటినుంచి చివరిదాకా విప్పి చూపిస్తాను.

ఆమెకు 48 ఏళ్లు. ఒక ప్రైవేటు విద్యాసంస్థలో లెక్కలు రాస్తుంది. పింఛను లేదు. గడువు తీరిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను రెన్యువల్ చేయించుకోవడానికి బ్యాంకుకు వెళితే అక్కడి ఉద్యోగి లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. "మేడమ్, డిపాజిట్ వడ్డీ ఏడాదికోసారి మారుతుంది, మీద పన్ను కూడా పడుతుంది. దీంట్లో అయితే ఏటా లక్ష చొప్పున పదేళ్లు కట్టండి. మీకు అరవై నిండగానే ఏటా లక్ష వస్తూ ఉంటుంది, ఇరవై ఏళ్లు. చివర్లో మీరు కట్టిన పది లక్షలూ వెనక్కి. పది లక్షల మీద ఏటా లక్ష అంటే పది శాతం. మొత్తం గ్యారంటీ." ఒక మాట కూడా కలిపాడు: "అవసరమైతే ఐదేళ్ల తర్వాత ఎప్పుడైనా తీసుకోవచ్చు."

ఇందులో ఇస్తామన్న సొమ్ము విషయంలో అబద్ధం లేదు. బాండులో కూడా అవే అంకెలున్నాయి: పది లక్షలు కట్టాలి, ఇరవై లక్షలు వాయిదాల్లో, పది లక్షలు చివర్లో, వెరసి ముప్పై లక్షలు. అబద్ధం "పది శాతం" అన్నదాంట్లోనూ, "ఐదేళ్ల తర్వాత ఎప్పుడైనా" అన్నదాంట్లోనూ ఉంది. ఈ రెండు మాటలూ ఏ కాగితం మీదా లేవు.

మొదట పది శాతం సంగతి. 60వ ఏట లక్ష చేతికొచ్చేనాటికి ఆమె సొమ్ము పది లక్షలుగానే ఉన్నట్టు ఆ ఉద్యోగి లెక్క చెప్పాడు. కానీ మొదటి లక్ష అప్పటికి 12 ఏళ్లుగా కంపెనీ దగ్గర ఉంది, చివరి లక్ష కూడా మూడేళ్లుగా ఉంది. ఆ లక్షలే ఏటా 6 శాతం చొప్పున పెరుగుతూ ఉండి ఉంటే ఆమెకు 60 నిండేనాటికి దాదాపు 15 లక్షల 70 వేలు అయ్యేవి. అంటే ఏటా వచ్చే లక్షను పోల్చాల్సింది పది లక్షలతో కాదు, ఈ పదిహేను లక్షల డెబ్భై వేలతో. పైగా చివర్లో తిరిగి వచ్చేది పది లక్షలే. మధ్యలో పెరగాల్సిన ఐదు లక్షల డెబ్భై వేలు ఈ ఏటేటా లక్షలోంచే కొంచెం కొంచెంగా ఆమెకు తిరిగి వస్తోంది. తన సొమ్మునే వడ్డీ అనుకుని లెక్కపెడితే పది శాతం లాగా కనిపిస్తుంది.

అసలు రాబడి ఎంతో కంప్యూటర్లో ఏ స్ప్రెడ్‌షీట్ అయినా చెబుతుంది. ఒకే నిలువు వరుసలో 32 గళ్లు కావాలి, ఏడాదికి ఒకటి. కట్టే ఏళ్లకు ముందు మైనస్ గుర్తు పెట్టాలి, ఏమీ కట్టని, ఏమీ రాని ఏళ్లకు సున్నా వేయాలి. సున్నా గళ్లను వదిలేస్తే లెక్క తప్పుతుంది.

```
A1 - A10   -100000
A11, A12    0
A13 - A31   100000
A32         1100000

=IRR(A1:A32)
```

ఈ పాలసీకి వచ్చిన జవాబు ఏడాదికి 5.9 శాతం. పది శాతం అని చెప్పి అమ్మిన వస్తువు ఇది.

అన్యాయంగా మాట్లాడటం నాకిష్టం లేదు కాబట్టి ఈ 5.9 శాతానికి ఉన్న విలువ కూడా చెబుతాను. 31 ఏళ్లపాటు మారని రాబడిని ముందే రాసిచ్చే మార్గాలు మామూలు మనిషికి ఎక్కువ లేవు. ఏటా కట్టే ప్రీమియంలన్నీ కలిపి ఐదు లక్షలు దాటకుండా, చనిపోతే వచ్చే బీమా మొత్తం ఒక ఏడాది ప్రీమియానికి కనీసం పది రెట్లు ఉంటే వచ్చే సొమ్ము మీద పన్ను కూడా ఉండదు. ఆమె మధ్యలో చనిపోతే నామినీకి బీమా మొత్తం వస్తుంది. కాబట్టి వడ్డీ రేట్లు ముందుముందు బాగా పడిపోతాయని నమ్మి, పదేళ్లూ తప్పకుండా కట్టగలిగి, ఆ సొమ్ము జోలికి పోనక్కర్లేని మనిషి 5.9 శాతం అని తెలిసే కొంటే నాకు అభ్యంతరం లేదు. తెలిసి కొనడం లేదన్నదే నా బాధ. పోల్చుకోవడానికి ఒక అంకె: ప్రజా భవిష్య నిధి, అందరూ పీపీఎఫ్ అనేది, 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం ఇస్తోంది. దాని రేటు మూడు నెలలకోసారి ప్రభుత్వం సమీక్షిస్తుంది కాబట్టి అది గ్యారంటీ కాదు, గడువు కూడా 15 ఏళ్లు. కానీ ఆ రేటు మీద అవే పది లక్షలు ఆమె 60వ ఏటికి 17 లక్షలు దాటతాయి. ఆ పదిహేడు లక్షల మీద ఏడాది వడ్డీయే లక్షా ఇరవై వేలు.

ఇక ధరల సంగతి గ్యారంటీ అనే మాటలో ఎక్కడా లేదు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే ఆమెకు 60వ ఏట వచ్చే మొదటి లక్ష ఇవాళ్టి యాభై వేలతో సమానం. 79వ ఏట వచ్చే లక్ష ఇవాళ్టి పదహారు వేలతో సమానం. పింఛను అనగానే మనసులో మెదిలేది ఆ వయసులో ఇల్లు గడిచే ఆదాయం. ఇక్కడ వాయిదా పైకం పైసా పెరగదు. ఇరవయ్యో వాయిదాతో ఆగిపోతుంది కూడా. 80 దాటి బతికితే ఆ పది లక్షలే దిక్కు. అసలైన యాన్యుటీ అయితే ప్రాణం ఉన్నంతకాలం ఇస్తుంది. ఈ తేడా ఒక్కటి చాలు, దీన్ని పింఛను అని పిలవకూడదని చెప్పడానికి.

రెండో మాట "ఐదేళ్ల తర్వాత ఎప్పుడైనా." ఇది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మార్కెట్‌తో ముడిపడ్డ బీమా పాలసీలైన యులిప్‌లకు 2010 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల లాకిన్ ఉంది, అంటే అప్పటిదాకా సొమ్ము చేతికి రాదు. ఐదేళ్లలోపు ఆపితే సొమ్ము డిస్‌కంటిన్యూడ్ ఫండ్ అనే విడి నిధిలోకి పోతుంది, కోత మీరు పెట్టిన పరిమితి దాటకూడదు, ఐదేళ్లు నిండాక ఏ కోతా లేకుండా ఫండ్ విలువ ఎంత ఉంటే అంత చేతికొస్తుంది. ఆ నిబంధనను తీసుకొచ్చి ఆమె కొన్నలాంటి సంప్రదాయ పాలసీకి అంటగడుతున్నారు. సంప్రదాయ పాలసీలో ఐదో ఏటికి ఏ ప్రత్యేకతా లేదు. అక్కడ తలుపుకు తాళం వేసి ఉండదు గానీ బయటికి వెళ్లేటప్పుడు సొమ్ములో కొంత అక్కడే వదిలేసి పోవాలి. ఎంత వదలాలో తేల్చేది సరెండర్ విలువ, అంటే మధ్యలో పాలసీ వదిలేస్తే కంపెనీ తిరిగి ఇచ్చే సొమ్ము. "లాకిన్ లేదు" అని చెప్పి అమ్మినప్పుడు ఆ మాట అక్షరాలా నిజమే కావచ్చు, కొన్నవాడికి మాత్రం తేడా తెలియదు.

ఈ లెక్కలో మీరు 2024లో తెచ్చిన మార్పు చాలా పెద్దది, దానికి మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అంతకుముందు ఒక్క ప్రీమియం కట్టి ఆపేసినవాళ్లకు సాధారణంగా పైసా వచ్చేది కాదు. 2024 అక్టోబరు 1 నుంచి మొదటి ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టి, ఆ ఏడాది గడిస్తే ప్రత్యేక సరెండర్ విలువ ఇవ్వాల్సి వస్తోంది. అది ఎలా లెక్కకడతారో చాలామందికి తెలియదు కాబట్టి ఆమె పాలసీ మీదే చూపిస్తాను.

సరెండర్ విలువలు రెండుంటాయి, ఏది ఎక్కువైతే అది ఇస్తారు. మొదటిది గ్యారంటీ సరెండర్ విలువ. కట్టిన ప్రీమియంలలో రెండో ఏట 30 శాతం, మూడో ఏట 35 శాతం, నాలుగు నుంచి ఏడో ఏడు దాకా 50 శాతం, చివరి రెండేళ్లలో 90 శాతం తగ్గకుండా ఉండాలి, అప్పటిదాకా తీసుకున్న వాయిదాలు అందులోంచి పోతాయి. అంటే ఆమె మూడు లక్షలు కట్టి మూడో ఏట ఆపితే గ్యారంటీగా రాసిచ్చింది లక్షా ఐదు వేలే. నాలుగు లక్షలు కట్టి ఆపితే రెండు లక్షలు.

రెండోది ప్రత్యేక సరెండర్ విలువ. పదిలో మూడు ప్రీమియంలు కట్టి ఆపితే పాలసీ పెయిడప్ అవుతుంది, అంటే ముందు రాసిచ్చిన ప్రయోజనాల్లో పదింట మూడు వంతులు మిగులుతాయి. లక్షకు బదులు ఏటా ముప్పై వేలు, చివర్లో పది లక్షలకు బదులు మూడు లక్షలు. అవన్నీ ఎప్పుడో 60వ ఏటినుంచి రావాల్సినవి కదా, వాటికి ఇవాళ్టి విలువ ఎంతో ఒక వడ్డీ రేటుతో వెనక్కి లెక్కిస్తారు. ఆ రేటు పదేళ్ల ప్రభుత్వ బాండు మీద వచ్చే రాబడికి అర శాతం కలిపిన దానికన్నా ఎక్కువ ఉండకూడదని మీ నిబంధన. 7 శాతం అనుకుని లెక్కిస్తే మూడేళ్లు నిండాక ఆమెకు దాదాపు రెండు లక్షల ముప్పై వేలు వస్తాయి. పాత పద్ధతిలో లక్షా ఐదు వేల దగ్గర ఉన్న అంకె ఇది. మీ మార్పు ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది.

అయినా కట్టిన మూడు లక్షల్లో డెబ్భై వేలు పోయినట్టే, మూడేళ్ల వడ్డీ కూడా పోయినట్టే. ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు: ఈ రెండో అంకె స్థిరంగా ఉండదు. ప్రభుత్వ బాండ్ల మీద రాబడి పెరిగితే వెనక్కి లెక్కించే రేటు పెరగొచ్చు, దానితో సరెండర్ విలువ తగ్గుతుంది. ఇవాళ కంపెనీ చూపించిన ప్రత్యేక సరెండర్ విలువ మూడేళ్ల తర్వాత అంతే ఉంటుందని హామీ లేదు. గ్యారంటీ అన్నది చివరిదాకా కట్టి చివరిదాకా ఆగినవాళ్లకే. మధ్యలో దిగేవాళ్లకు గ్యారంటీగా ఉన్నది ఆ 30, 35, 50 శాతాలే. 2024 అక్టోబరుకు ముందు కొన్న పాత పాలసీలు ఉన్నవాళ్లు తమ బాండులో రాసిన షరతులే చూసుకోవాలి, ఈ కొత్త లెక్క తమకూ వస్తుందని అనుకోకూడదు.

ఆమె నా దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రీమియం కట్టింది, రెండోది కట్టాల్సిన తేదీ దగ్గరపడింది. ఆమె ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది, 57 ఏళ్లదాకా ఉంటుందో లేదో తెలియదు. నేను వేసిన లెక్క ప్రకారం ఏడాది నిండాక ఆపితే దాదాపు 67 వేలు వస్తాయి. కంపెనీకి ఈమెయిల్ రాస్తే వాళ్లు ఇచ్చిన అంకె దీనికి దగ్గరలోనే ఉంది. లక్ష కట్టి అరవై ఏడు వేలు తీసుకోవడానికి ఎవరికైనా మనసొప్పదు. అందుకని పోయిన ముప్పై మూడు వేలను పక్కన పెట్టి, ఇవాళ చేతికి వచ్చే 67 వేలను వదులుకుని ఇంకా తొమ్మిది లక్షలు కట్టుకుంటూ పోతే ఇక్కడినుంచి ఎంత రాబడి వస్తుందో విడిగా చూశాం. 6.2 శాతం వచ్చింది. అంటే తొమ్మిదేళ్లు తప్పకుండా కట్టగలిగే మనిషి అయితే కొనసాగించడం మరీ తప్పు కాదు. ఆమె కట్టగలనని చెప్పలేకపోయింది. మూడో ఏటో నాలుగో ఏటో ఆపాల్సి వస్తే పోయేది డెబ్భై వేలు, ఇప్పుడైతే ముప్పై మూడు వేలు. ఆపేసింది. పెయిడప్‌గా వదిలేసే దారి కూడా చెప్పాను. అరవై దాటాక ఏటా పదివేల కోసం ఇప్పుడు చేతికి రాగల సొమ్మును వదిలేయడం ఆమెకు నచ్చలేదు.

ఆమెకు నష్టమే లేకుండా బయటపడే దారి ఒకటి మొదట్లో ఉండేది. బాండు అందిన రోజునుంచి 30 రోజుల్లోపు వద్దనుకుంటే ఫ్రీలుక్ కింద తిప్పి పంపొచ్చు. ఆ కొద్దిరోజుల బీమా ఖర్చు, వైద్య పరీక్ష ఖర్చు, స్టాంపు రుసుము తప్ప మిగతా సొమ్మంతా వస్తుంది. కానీ ఆమె బాండును తెరిచి చూసింది నా దగ్గర, ఏడాది గడవబోతుండగా. బాండు ఈమెయిల్‌లో వచ్చింది. పాలసీకి దరఖాస్తుగా నింపిన ప్రపోజల్ ఫారం మీద ఉన్న ఈమెయిల్ ఆమెది కాదు. ఫారం నింపినవాడు ఏదో ఒకటి వేసేశాడు. నేను చూసిన ఫారాల్లో ఇదొక్కటే కాదు, ఫోన్ నంబరు కూడా కొన్నవాళ్లది కానివి చూశాను. అందువల్ల ఈ లేఖ చదివే ప్రతివారికీ నా మనవి: ఈమధ్య పాలసీ కొని ఉంటే ముందు మీ ప్రపోజల్ ఫారం నకలు అడిగి తెప్పించుకోండి. అందులో ఫోను, ఈమెయిల్, ఎన్నేళ్లు కట్టాలి, మీ ఏడాది ఆదాయం ఎంత అని రాశారు, ఈ నాలుగూ చూడండి. ఆదాయం పెంచి రాస్తే మీ స్తోమతకు మించిన ప్రీమియం కూడా కాగితం మీద సబబుగానే కనిపిస్తుంది. రేపు ఫిర్యాదు చేస్తే అదే మీకు అడ్డుపడుతుంది.

ఫిర్యాదు దారి ఉంది, మంచిదే. ముందు కంపెనీకి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. కాని అక్కడ తేలేది కాగితం మీదే. పది శాతం అన్నది నోటి మాట. సంతకం పెట్టిన ఇలస్ట్రేషన్ మీద, అంటే ఏటా కట్టేదీ వచ్చేదీ చూపించే పట్టిక మీద, ఆ మాట లేదు. కంపెనీ ఆ సంతకం చూపిస్తుంది, కొన్నవాళ్ల దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. పాలసీ ఇచ్చేముందు కంపెనీ చేసే ఫోన్ కాల్ రికార్డు కూడా వాళ్ల వైపే మాట్లాడుతుంది. "అన్నిటికీ అవును అనండి మేడమ్, లేకపోతే ఆలస్యమవుతుంది" అని ఆమెకు ముందే చెప్పిపెట్టారు.

ఇందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. కొత్త ప్రకటనలు, అవగాహన సదస్సులు నేను అడగడం లేదు. సంతకం పెట్టే కాగితం మారాలి.

బెనిఫిట్ ఇలస్ట్రేషన్ మొదటి పేజీలో, గ్యారంటీ సొమ్ము రాసిన అక్షరాల సైజులోనే, ఏడాదికి నికరంగా ఎంత శాతమో రాయించండి. యులిప్‌ల ఇలస్ట్రేషన్‌లో ఖర్చులు పోగా నికర రాబడి చూపించే పద్ధతి ఇప్పటికే ఉంది. గ్యారంటీ ఆదాయం అని అమ్మే పాలసీల్లో ఆ అంకె లెక్కకట్టడం ఇంకా తేలిక, ఎందుకంటే కట్టేదీ వచ్చేదీ రెండూ ముందే తెలుసు. నేను చూసిన కాగితాల్లో మాత్రం ఆ అంకె లేదు, దాని చోటులో పది, పదకొండు శాతం అని ఉద్యోగి పెన్నుతో రాసిన అంకెలున్నాయి. ఆ అంకె అచ్చులో ఉంటే పెన్నుతో రాసే పని ఉండదు.

దాని పక్కనే మొదటి ఏడేళ్లకు ఏటేటా సరెండర్ విలువ రూపాయల్లో రావాలి, శాతాల్లో కాదు. "అప్పటిదాకా మీరు కట్టింది 3,00,000, గ్యారంటీగా వచ్చేది 1,05,000, ఇవాళ్టి రేటు ప్రకారం వచ్చేది 2,30,000, ఇది మారవచ్చు." ఇలా ఒక వరుస. ఇప్పుడు ఈ సమాచారం అసలే లేదని అనను. ఇలస్ట్రేషన్ పట్టికలో సరెండర్ విలువల గడి ఉంటుంది. కానీ ముప్పై వరుసల చిన్న అక్షరాల పట్టికలో కుడిచివరన ఉండే గడిని ఎవరూ చదవరు. బ్యాంకులో కూర్చున్న ఆ పావుగంటలో అసలే చదవరు.

పింఛను, రిటైర్మెంట్, పెన్షన్ అనే మాటల మీద మీకు అధికారం ఉంది. ప్రాణం ఉన్నంతకాలం ఆదాయం ఇవ్వని పాలసీకి ఆ మాటలు పేరులోనూ, కరపత్రంలోనూ, అమ్మేవాళ్ల ఫోన్ సందేశాల్లోనూ వాడకుండా ఆపండి. నిజమైన పెన్షన్ ప్లాన్ల విషయంలో దీనికి ఎదురు ఇబ్బంది ఉంది. గడువు తీరాక సొమ్ములో 60 శాతం దాకా మాత్రమే ఒకేసారి చేతికిస్తారు, మిగతాదానితో యాన్యుటీ కొనాల్సిందే. అది కూడా ఒకరకమైన లాకిన్. గడువు తీరింది కదా మొత్తం సొమ్ము వస్తుందని ఇల్లు కట్టుకోవడానికి అడ్వాన్సు ఇచ్చి ఇబ్బందిపడినవాళ్లు నాకు తెలుసు. ఆ సంగతి కూడా మొదటి పేజీలోనే ఉండాలి.

ఇక ఆ ఫోన్ కాల్. "అన్నీ అర్థమయ్యాయా?" అంటే అందరూ అవుననే అంటారు. దాని బదులు ఒక్క ప్రశ్న అడగమని ఆదేశించండి: "నాలుగు ప్రీమియంలు కట్టి ఆపేస్తే మీకు ఎంత వస్తుందని మీకు చెప్పారు?" జవాబు ఇలస్ట్రేషన్‌లోని అంకెకు దగ్గరగా లేకపోతే పాలసీ ఇవ్వకూడదు, అమ్మినవాళ్లు మళ్లీ వివరించాలి. అవును అని జవాబు చెప్పలేని ప్రశ్న ఇది. ముందే నేర్పించినా నేర్పించాల్సింది నిజమైన అంకెనే కాబట్టి నాకు ఆ నేర్పడం మీద అభ్యంతరం లేదు. కాల్ కూడా అమ్మిన మనిషి పక్కన లేనప్పుడు, కొన్నవాళ్ల బ్యాంకు ఖాతాకు జోడించిన నంబరుకే చేయాలి.

ఫ్రీలుక్ 30 రోజులు కూడా ఈమెయిల్ పంపిన తేదీనుంచి కాకుండా కొన్నవాళ్లు బాండు తెరిచినట్టు, లేదా కాగితం బాండు సంతకం పెట్టి తీసుకున్నట్టు ఆధారం దొరికిన తేదీనుంచి లెక్కించమని స్పష్టంగా చెప్పండి. ఆధారం చూపించే బాధ్యత కంపెనీదే కావాలి. ఈ ఒక్కటి ఉండి ఉంటే ఆమె సొమ్ము దాదాపు మొత్తం వెనక్కి వచ్చేది.

ఇవి వచ్చేదాకా, పాలసీ కొనబోతున్నవాళ్లు అమ్మే మనిషిని ఒక్క ఈమెయిల్ అడగండి. తన సొంత ఈమెయిల్ కాదు, బ్యాంకుదో కంపెనీదో అధికారిక ఈమెయిల్ నుంచి. అందులో మూడు వాక్యాలు చాలు: ఏడాదికి నికర రాబడి ఇంత శాతం, నాలుగో ఏట ఆపితే గ్యారంటీగా ఇంత వస్తుంది, మొత్తం సొమ్ము కోత లేకుండా చేతికి వచ్చే మొదటి తేదీ ఇది. నోటితో ఎంత ధీమాగా చెప్పినవాళ్లయినా ఈ మూడూ రాసి పంపడానికి వెనకాడితే ఆ పాలసీ గురించి ఇంకేమీ అడగనక్కర్లేదు. రాసి పంపితే దాన్ని దాచుకోండి. అంబుడ్స్‌మన్ దగ్గర పనికొచ్చే కాగితం అదే.

పైన చెప్పిన పాలసీ ఇలస్ట్రేషన్, ప్రపోజల్ ఫారం నకళ్లు, నేను వేసిన లెక్క పట్టికలు ఆమె అనుమతితో, పేరు తీసేసి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. లెక్కలో పొరపాటు ఉంటే మీ యాక్చురీలు సరిదిద్దాలని కోరుతున్నాను. పొరపాటు లేకపోతే, ఆ 5.9 అనే అంకె ఆమె సంతకం పెట్టిన కాగితం మీద ఎందుకు లేదో నాకు జవాబు కావాలి.

ఇట్లు,
మీ కార్యాలయం ఉన్న ఊళ్లోనే పన్ను లెక్కలు చూసుకునే ఒక పౌరుడు